మాటకు రూపాయి

వడ్రంగిని పిలిచి విరిగిన తలుపు చూపిస్తే, దాని చుట్టూ ఒకసారి తిరిగి, జానతో కొలిచి, ఇంత అవుతుందని చెబుతాడు. చెప్పేటప్పుడు నేలచూపులు చూడడు. అదే, ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద అనువాదాలు చేసే ఎం.ఏ. చదివిన అమ్మాయిని "ఎంతిమ్మంటావమ్మా?" అని అడిగి చూడండి. "మీ ఇష్టం సార్, మీరే చూసి ఇవ్వండి" అంటుంది. ఆ "మీ ఇష్టం" ఖరీదెంతో కాగితం మీద లెక్క కట్టి చూసుకున్న ఒకమ్మాయి కథ ఈ వారం చెబుతాను.

ఆమె ఒకప్పుడు నా శిష్యురాలు. ఇప్పుడు కందుకూరు కోడలు. కందుకూరంటే ప్రకాశం జిల్లావైపు ఉన్న కందుకూరు కాదు సుమండీ, హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీద ఉన్న మా రంగారెడ్డి జిల్లా కందుకూరు. పట్నం పెరిగి పెరిగి మా పొలిమేర దాకా వచ్చింది. ఇక్కడ టీకొట్టు దగ్గర నిలబడ్డ ఏ మనిషిని కదిపినా గజం స్థలం ధర తడుముకోకుండా చెబుతాడు. తన పూట పని ధర మాత్రం చెప్పలేడు.

ఈ అమ్మాయి భర్త సరుకుల ఆటో నడుపుతాడు. అత్తగారు రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోస్తుంది. పాప మూడో తరగతి. ఈమె ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంది. విత్తనాల సంచీలో పెట్టే కాగితాలు, మందుల కరపత్రాలు, బడి పుస్తకాలు, ఇలాంటివన్న మాట. ఎవరి కొలువులోనూ లేదు. ఫ్రీలాన్సర్ అంటారే, అది.

ఒకనాడు పట్నం నుంచి ఒక సంస్థవారు ఫోను చేశారు. రైతులు వాడే నీటి పంపుల గురించిన పుస్తకం, ఇంగ్లీషులో 18,000 మాటలు. మాటకు రూపాయి. పది రోజుల్లో కావాలి. డబ్బు పని అప్పగించిన తొంభై రోజులకు.

పద్ధెనిమిది వేలు! పాప ఫీజు తొమ్మిది వేలు నెలాఖరుకు కట్టాలి. భర్త అప్పుడే సగం సంతోషపడ్డాడు. ఈమె మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది: "మాటలు ఏ భాషలో లెక్కపెడతారు సార్?"

"తెలుగులోనే మేడం. మాకు మీరిచ్చేది తెలుగే కదా" అన్నాడు అవతలి మనిషి.

ఇక్కడ కథ కాసేపు ఆపి, భాష సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ఇంగ్లీషులో "ఇన్ ది హౌస్" అంటే మూడు మాటలు. మనకు "ఇంట్లో" అంటే ఒక్కటే. "ఇఫ్ యు డూ నాట్ కమ్" ఐదు మాటలైతే, "రాకపోతే" ఒక్కటి. వాళ్ళు విడివిడిగా పెట్టుకునే చిన్న మాటల్ని మనం ప్రత్యయాలుగా మాట వెనకాలే తగిలిస్తాం. అంచేత ఇంగ్లీషు పేజీ తెలుగులోకి వచ్చేసరికి మాటలు తగ్గిపోతాయి. కాగితం మీద చోటేమీ తగ్గదు, శ్రమ అసలే తగ్గదు, లెక్క మాత్రం తగ్గుతుంది. దానికి తోడు మాటల మధ్య ఖాళీ ఎక్కడ పెట్టాలనే దానిమీద మనకు ఒక కట్టుబాటు లేదు. "చేయవలసి ఉంటుంది" అని రాస్తే రెండు మాటలు, "చేయవలసివుంటుంది" అని కలిపితే ఒకటి. యంత్రం ఖాళీల్ని బట్టి లెక్కపెడుతుంది గనుక, కలిపి రాసే అలవాటున్నవాడికి కూలి తగ్గుతుంది!

పూర్వం మన లేఖకులు ఇంతకంటె తెలివైనవాళ్ళు. తాటాకు మీద పుస్తకానికి నకలు రాసేవారు ముప్ఫైరెండు అక్షరాలను ఒక గ్రంథం అనుకునేవారు. పద్యమైనా వచనమైనా, సమాసం ఎంత పొడుగైనా, ఆ కొలతతోనే రాతనూ కూలినీ లెక్క వేసుకునేవారు. మాటలు అతుక్కున్నా విడిపోయినా అక్షరాలు మారవు గదా! చదువు అమ్ముకోవడమేమిటని ముక్కు మీద వేలేసుకునే పెద్దలకు ఈ సంగతి ఎప్పుడైనా గుర్తుచేయాలని నా కోరిక.

సరే, కథలోకి వద్దాం. ఆ రాత్రి పాపను పడుకోబెట్టి, అమ్మాయి ఆ పుస్తకంలోంచి ఒక పేజీ తీసుకుంది. ఇంగ్లీషులో 250 మాటలు. జాగ్రత్తగా తెలుగు చేసి లెక్కపెట్టింది. 170. అంటే నూటికి అరవైఎనిమిది. ఆ లెక్కన 18,000 మాటలు 12,240 అవుతాయి. పద్ధెనిమిది వేల రూపాయలు కాస్తా పన్నెండు వేల చిల్లరకు దిగాయి. బేరం మొదలుపెట్టకుండానే ఆరువేలు ఎగిరిపోయాయన్న మాట.

ఆమెకు చదువుకునే రోజుల నుంచీ ఒక మంచి అలవాటుంది. ఏ పని మొదలుపెట్టినా నోటుపుస్తకంలో గంట వేసుకుంటుంది. లేచినప్పుడు మళ్ళీ వేసుకుంటుంది. ఏడాది నోటుపుస్తకం ముందు వేసుకుని కూర్చుంది. తేలిక విషయమైతే రోజుకు రెండువేల మాటలు చేస్తానని ఆమె నమ్మకం. పుస్తకం మరో మాట చెప్పింది. మొదటి రాత ఒక్కటే అయితే రెండువేలు నిజమే. కాని మర్నాడు మళ్ళీ చదివి దిద్దుకోవాలి. "వాల్వు" అని ఒక పేజీలో, "కవాటం" అని ఇంకో పేజీలో రాకుండా చూసుకోవాలి. అచ్చుకు కూర్చినవాళ్ళ కంప్యూటరులో తెలుగు సరిగా అమరకపోతే వత్తులన్నీ విడిపోయి పొల్లు అక్షరాల పక్కన విడిగా నిలబడతాయి. ఆ ప్రూఫు తెప్పించుకుని చూడాలి. ఇవన్నీ కలిపితే రోజుకు ఆరు గంటలు కుదురుగా కూర్చున్నప్పుడు, సగటున తేలినవి 1,200 మాటలు.

అంటే ఈ పుస్తకం పదిహేను రోజుల పని. పన్నెండు వేల రెండు వందల నలభైని పదిహేనుతో భాగిస్తే రోజుకు 816 రూపాయలు. మా వీధిలో గోడ కట్టే మేస్త్రీ అంతకంటె ఎక్కువే తీసుకుంటాడు, అదీ సాయంకాలానికల్లా చేతిలో వేయించుకుని. ఇక వాళ్ళిచ్చిన గడువు పది రోజులు. తొంభై గంటల పనిని ఆదివారాలు కూడా లేకుండా రోజుకు తొమ్మిది గంటలు కూర్చుని చేయాలి.

తరువాత ఇంకో కాగితం తీసి, తనకు ఎంత వస్తే గిట్టుతుందో రాసుకుంది. ఇంటి ఖర్చులోకి తాను నెలకు ఇవ్వవలసింది ఇరవై వేలు. నలభై అయిదు వేలు పెట్టి కొన్న కంప్యూటరు అయిదేళ్ళు నడుస్తుందనుకుంటే నెలకు 750. ఇంటర్నెట్టు 700. కరెంటూ, కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీ 550. ఫోనూ బస్సూ కాగితాలూ 500. జ్వరమొచ్చి మంచాన పడితే అక్కరకు రావడానికి పక్కన పెట్టవలసింది 2,500. అన్నీ కూడితే ఇరవై అయిదు వేలు.

ఈ ఇరవై అయిదు వేలను ముప్ఫై రోజులతో భాగించడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. జీతగాడికి ఆదివారం కూడా జీతముంటుంది, పండగకూ ఉంటుంది. ఈమెకు ఆ భాగ్యం లేదు. నాలుగు ఆదివారాలు తీసేస్తే ఇరవైఆరు. చుట్టాలూ జ్వరాలూ పండగలూ కలిపి రెండు తీసేస్తే ఇరవైనాలుగు. నమూనాలు చేసి పంపడం, బిల్లు రాయడం, బాకీకోసం ఫోన్లు చేయడం, వీటికి నెలలో నాలుగు రోజులు పోతున్నాయని నోటుపుస్తకమే చెప్పింది. మిగిలినవి ఇరవై. ఇందులో పనే రాక ఖాళీగా పోయినవి సగటున అయిదు. అంటే నెలలో డబ్బు తెచ్చే రోజులు పదిహేను. ఆ పదిహేనే మిగతా పదిహేనింటినీ పోషించాలి. ఇరవై అయిదు వేలను పదిహేనుతో భాగిస్తే రోజుకు 1,667. దాన్ని 1,200 మాటలకు పంచితే ఇంగ్లీషు మాటకు దాదాపు ఒక రూపాయి నలభై పైసలు.

ఆ రేటున ఈ పుస్తకానికి కావలసింది 25,200. వాళ్ళిస్తామన్నది అందులో సగం కూడా కాదు.

పొద్దున్నే పాలు పితికి వచ్చిన అత్తగారికి సంగతి తెలిసింది. "ఇంటికొచ్చిన లక్ష్మిని కాదంటవా బిడ్డా? ఊకె కూసున్నదానికంటె దినానికి ఎనిమిదొందలు నయం కాదా?" అన్నది.

ఇది తోసిపారేయదగ్గ మాట కాదు. గేదె పాలు సాయంత్రందాకా ఉంటే విరిగిపోతాయి, అమ్ముడుపోని రోజు కూడా అంతే. పనిలేని రోజున ఎంతొచ్చినా లాభమే అనే వాదంలో నిజముంది. అమ్మాయి దానికీ లెక్క వేసింది. నిజంగా అవి ఖాళీ రోజులే అయితే పుచ్చుకోవచ్చు. కాని ఆ పదిరోజుల్లోనే పాత ఖాతాదారు ఒకాయన విత్తనాల కాగితాలు పంపుతానన్నాడు. మూడువేల మాటలు, రూపాయి పావలా చొప్పున 3,750. పంపుల పుస్తకం పట్టుకుంటే అది వదులుకోవాలి. అప్పుడు చేతికొచ్చే లాభం 8,490కి దిగుతుంది. ఆ పాత ఖాతాదారు వేరేవారిని వెతుక్కుంటే మళ్ళీ తిరిగి వస్తాడో రాడో!

"అత్తమ్మా, హోటలాయన వచ్చి పాలు సగం ధరకు పొయ్యమంటే మీరు పోస్తరా?"

"నేనెందుకు పోస్త? వాడికి పోస్తే వాడకట్టోళ్ళందరు గదే ధర అడుగుతరు."

ఆమె చెప్పదలచుకున్నదీ అదే గనుక అమ్మాయి ఇంకేమీ అనలేదు. అత్తగారు కూడా ఆ పూట మరి మాట్లాడలేదుగాని, ఆ మౌనం ఒప్పుకోలు మౌనం కాదని నాకు చెప్పింది.

పదిగంటలకు ఫోను చేసింది. తనకు గిట్టే రేటు చెప్పింది. "మేడం, ఎనభై పైసలకే చేసేవాళ్ళున్నారు" అన్నాడాయన. ఉండవచ్చు. ఎనభై పైసలకు చేసేవారు మళ్ళీ చదివి దిద్దరు, ప్రూఫు చూడరు, లేదా నెలలో పదిహేను రోజుల లెక్క ఎన్నడూ వేసుకుని ఉండరు. ఆమె వాళ్ళ జోలికి పోలేదు.

"మీ దగ్గర ఉన్నది పన్నెండు వేల రెండు వందలైతే, రేటు తగ్గించకుండా పని తగ్గిద్దాం సార్. అందులో 8,700 మాటలు వస్తాయి. పంపు బిగించడం, కరెంటు జాగ్రత్తలు, చెడిపోతే చూసుకోవలసినవి. ఈ మూడు అధ్యాయాలూ రైతుకు తెలుగులో ఉండి తీరాలి. విడిభాగాల జాబితా ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. ఇది వారం పైన ఒక రోజులో ఇస్తాను."

బేరమంటే ఇదీ అని నాకు ముచ్చటేసింది. రేటు తగ్గిస్తే, మొదట చెప్పినది అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టు. పని తగ్గిస్తే రేటు నిలుస్తుంది, అవతలివాడి సంచీకీ సరిపోతుంది. ఆయన పైవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. మళ్ళీ ఫోను చేయలేదు.

తొంభై రోజుల గడువు గురించి కూడా ఒక మాట. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు రావలసిన డబ్బును, ఎంత గడువు రాసుకున్నా సరే, నలభైఅయిదు రోజులు దాటనివ్వకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఒంటరిగా ఇలాంటి సేవ చేసే మనిషి కూడా నమోదు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో, రుసుము లేకుండా. ఆమె చేసుకుంది. అయితే పన్నెండు వేలకోసం ఎవరు ఫిర్యాదుకెళ్ళి కూర్చుంటారు? చట్టం ఎంత గట్టిదైనా, మూడోవంతు ముందుగా పుచ్చుకోవడమే మనశ్శాంతి అని నా అభిప్రాయం. అప్పటినుంచి బిల్లు మీద నమోదు సంఖ్య రాస్తున్నది, నూటికి ముప్ఫై ముందుగా అడుగుతున్నది.

కాదన్న రోజున ధైర్యంగానే ఉంది. కష్టమంతా ఆ తరువాతే. విత్తనాల కాగితాలు రెండున్నర రోజుల్లో అయిపోయాయి. తరువాత ఏమీ రాలేదు. తొమ్మిదో రోజున, ఫీజు తారీకు దగ్గరపడుతుంటే, పంపులవాళ్ళకు తిరిగి ఫోను చేసి సరేనందామని ఫోను చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ముందు ఆ లెక్క కాగితం మళ్ళీ తెరిచింది. ఇందులో ఏ అంకె మారింది? 1,200 మాటలు మారలేదు. పదిహేను రోజులు మారలేదు. మారింది తన అవసరం ఒక్కటే. "ఫీజు నా అవసరం సార్, పని ఖరీదు కాదు. ఆ రెంటినీ ఒకే కాగితం మీద రాయకూడదని అప్పుడు తోచింది" అని తరువాత నాతో అన్నది.

ఫీజుకు మహిళా సంఘంలో పదివేలు అప్పు తీసింది. దానికి వడ్డీ ఉంది. ధర నిలబెట్టుకోవడం ఊరికే రాదు, ఈ వడ్డీ కూడా దాని ఖర్చే.

పన్నెండో రోజున ఒక స్వచ్ఛంద సంస్థవారు బాలింతల ఆరోగ్యం మీద కరపత్రాలకోసం అడిగారు. ఆరువేల మాటలు. "ఇంగ్లీషు మాటకు రూపాయి నలభై పైసలు. అచ్చుకు కూర్చిన తరువాత ఒకసారి ప్రూఫు చూసిపెట్టడం అందులోనే. ముప్ఫై శాతం ముందు" అని చెప్పి ఊరుకుంది. ఈ ఊరుకోవడమే చాలా కష్టమట. అవతల నిశ్శబ్దం వినబడగానే "కావాలంటే కొంచెం తగ్గిస్తాను లెండి" అనే మాట దానంతటదే నాలుక మీదికి వస్తుందట. ఆ మాట ఇంకెవరూ అడగకముందే మనం మనకు ఇచ్చుకునే రిబేటు. ఆమె పెదవులు బిగబట్టి కూర్చుంది. అవతలావిడ లెక్క వేసుకుంటున్నది కాబోలు, "ఎన్నాళ్ళలో ఇస్తారు?" అని అడిగింది. ధర గురించి ఒక్క మాట లేదు. మొత్తం 8,400. ముందుగా 2,520 వచ్చింది.

ఒక్కరు ఒప్పుకున్నంత మాత్రాన ధర మీద నమ్మకం కుదరదు. ఆమె ఆర్నెల్లు రాసిపెట్టింది. పదకొండుమందికి ధర చెబితే ఏడుగురు ఒప్పుకున్నారు, నలుగురు కాదన్నారు. కాదన్న ప్రతిసారీ మొదట్లో ఆ రాత్రి నిద్ర పట్టేది కాదట. పుస్తకంలో అవునులూ కాదులూ పక్కపక్కన చేరిన తరువాత పట్టడం మొదలుపెట్టింది. పదకొండుమందీ ఒప్పుకుని ఉంటే ధర తక్కువని నేననుకునేవాణ్ణి. పదకొండుమందీ కాదంటే, ఎంత న్యాయమైన లెక్కయినా గంజి పోయదు. ఆ కాగితం మనకెంత కావాలో చెబుతుందిగాని, లోకం ఎంతిస్తుందో చెప్పదు. ఆ రెంటికీ మధ్య దూరం తగ్గకపోతే అడిగే మనుషుల్ని మార్చాలి, లేదా పని రకమే మార్చాలి. ఆమెకు బడి పుస్తకాలవాళ్ళతో అలాగే అయింది. వాళ్ళు రూపాయి దాటలేదు. ఆరోగ్య కరపత్రాలవాళ్ళు దాటారు. ఇప్పుడు ఆ వైపే ఎక్కువ పని చేస్తున్నది.

విత్తనాలాయన దగ్గర రూపాయి పావలా అలాగే ఉండనిచ్చింది, ఏడాది తిరిగేదాకా. తిరిగిన తరువాత పదిహేను రోజులు ముందుగా ఉత్తరం రాసి రూపాయి నలభై చేసింది. ఆయన కొంచెం సణిగి, మామూలుగానే పని పంపాడు.

మొన్న కొత్త సంవత్సరం లెక్క వేస్తూ నాకు ఫోను చేసింది. ఖాళీ రోజులు నెలకు అయిదు నుంచి మూడుకు తగ్గాయట. ఆ లెక్కన రేటు తగ్గించాలి గదా అని నేనన్నాను, ఉత్త భాగహారం తెలిసినవాణ్ణి గనుక.

"కంప్యూటరు ముసలిదైంది సార్, కొత్తది కొనాలి. పాప నాలుగులోకి వచ్చింది. రూపాయి నలభై అలాగే ఉంచుతున్నా. తగ్గిన ఆ రెండు రోజులూ ఇప్పుడు నావి."

వెనక నుంచి అత్తగారు ఎవరితోనో పాల ధర గురించి గట్టిగా మాట్లాడుతున్నది వినిపించింది.